కన్నీళ్లక్క రెండో టేకు

డబ్బింగ్ స్టూడియోల్లో ఆమెను అందరూ కన్నీళ్లక్క అనే పిలిచేవారు. తెర మీద ఏ తల్లి బిడ్డను పోగొట్టుకున్నా ఆ ఏడుపు ఈవిడ గొంతులోంచే రావాలి. ఆ ఏడుపు మీదే ఇల్లు గడిచింది. అందుకే పడవ ప్రమాదం మీద తీస్తున్న డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం చదవమంటే, ఇది తనకు కొట్టిన పిండే అనుకుంది. మొదటి టేకు వింటూ సౌండ్ ఇంజనీరు కళ్లు తుడుచుకున్నాడు కూడా.

మర్నాడు నిర్మాత దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

‘అక్కా, మీ గొంతుకు వంకపెట్టేంతదాన్ని కాను. కానీ మొదటి వాక్యంలోనే మీరు విషాదంలోకి వెళ్లిపోయారు. అప్పటికి పడవ ఇంకా రేవులోనే ఉంది, పిల్లలు నవ్వుకుంటూ ఎక్కుతున్నారు. ముందేం జరగబోతుందో మీ గొంతుకు తెలియకూడదు. మూడో పేజీలో చనిపోయినవాళ్ల పేర్ల దగ్గర గొంతు వణకనివ్వకండి. పేరుకూ పేరుకూ మధ్య కాస్త ఆగితే చాలు. ఆ వెంటనే ఒక తల్లి మాట్లాడుతుంది. మీరే ముందు ఏడ్చేస్తే ఆమెకు చోటు మిగలదు. ఈసారీ మైకుకు మొదటిసారంత దూరంలోనే కూర్చోండి. పాత ముక్కల్లో బాగున్నవి కొన్ని ఉంచుతాను, వాటితో అతకాలి.’

భర్త చదివి మండిపడ్డాడు. “నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, నీకు ఏడవడం నేర్పుతుందా? చెయ్యనని చెప్పెయ్.”

“ఏడవడం కాదండీ, ఏడవకుండా చదవడం,” అందామె. అది తనకు చేతనవుతుందో లేదో అన్న గుబులు మాత్రం అతనితో చెప్పలేదు.

స్టూడియోకి వెళ్లీ వెళ్లగానే, ఇలా చదివితే వార్తలు చదివినట్టుంటుందని నిర్మాతతో వాదించింది. ఆ పిల్ల హెడ్‌ఫోన్లు చేతికిచ్చి, ఆ తల్లి మాటలు వినిపించింది.

“చొక్కా బొత్తాం ఊడిందన్నాడు. వచ్చాక కుడతాలే, వెళ్లు అన్నాను.” అంతే. గొంతులో తడి లేదు. కొట్లో సరుకు అడిగినట్టు చెప్పింది.

కన్నీళ్లక్క చాలాసేపు హెడ్‌ఫోన్లు తియ్యలేదు. తర్వాత లోపలికెళ్లి మైకు ముందు కూర్చుంది. రేవు ఘట్టం బాగానే దాటింది. పేర్ల దగ్గరికొచ్చేసరికి, ఇన్నేళ్ల అలవాటు, గొంతు దానంతటదే జారిపోయింది. ఆపమని చెయ్యెత్తింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ జారింది. ఈసారి కాగితం కాస్త పైకెత్తి పట్టుకుని, హాజరు పిలిచినట్టు ఒక్కో పేరే చదివింది. పలికేవాళ్లు లేరన్నది ఆగిన ప్రతిచోటా ఆమెకే తెలిసింది. చివరి పేరు అయ్యాక కాగితం కింద పెట్టింది.

“ఇదే అక్కా,” అంది నిర్మాత.

ప్రదర్శన రోజున అందరూ ఆ తల్లి గురించే మాట్లాడుకున్నారు. వ్యాఖ్యానం ఎవరిదని ఒక్కరూ అడగలేదు. కన్నీళ్లక్క మనసు కాస్త చివుక్కుమంది. దారిలో భర్త ఏదో అనబోతే, ఆ పిల్ల ఇంకో పని చెప్పిందనీ, తను ఒప్పుకున్నాననీ చెప్పింది.