దాచేసిన చిట్టిబొమ్మ

మా పిన్ని గుడ్డబొమ్మలు కుడుతుంది. బాబాయి పోయాక ఆ ఒంటిగదిలో ఆమెకి తోడు కుట్టుమిషనూ, ఫోనూ. గుండీలతో కళ్లు కుట్టి, రోజుకో బొమ్మ ఫొటో పెడుతుంది. దాని కింద రెండేళ్లుగా దాచుకున్న హ్యాష్‌ట్యాగుల చిట్టా ఒక్క అక్షరం మార్చకుండా అతికిస్తుంది. ఒకప్పుడు రెండొందల లైకులొచ్చేవి. ఆరు నెలలుగా మూడు దాటడం లేదు.

నేను వెళ్లేసరికి మొహం వేలాడేసుకుని కూర్చుంది. "నా కుట్టు పాడైందేమోనే," అంది.

దుకాణాల సోషల్ మీడియా పేజీలు నడపడమే నా ఉద్యోగం. చిట్టాలోని ట్యాగులు ఒక్కొక్కటే వెతికాను. 'చిట్టిబొమ్మ' దగ్గర పేజీ ఖాళీగా ఉంది. నిబంధనలకు విరుద్ధమైన పోస్టుల వల్ల దాచేశాం అని ఒక్క వాక్యం.

"ఎవరో ఆ పేరు కింద పాడు ఫొటోలు పెట్టారు పిన్నీ. అందుకని ఆ ట్యాగునే మూసేశారు. అది తగిలించుకున్న నీ పోస్టులు కొత్తవాళ్లకి చేరడం లేదు."

"ముక్కూ మొహం తెలియని వెధవ చేసిన పనికి నాకా శిక్ష!" అని మండిపడి, ఆ మాట చిట్టాలోంచి కొట్టేసింది. అంతలోనే మొహం విప్పారింది.

"హమ్మయ్య! అయితే నీకూ కనబడలేదన్నమాట. నీ లైకు కూడా రాకపోతే నన్ను మరిచిపోయావనుకున్నానే."

నాలాగా ముందునుంచీ ఫాలో అయ్యేవాళ్లకి ఆ నిషేధం అడ్డురాదు. ఆమె పెట్టిన ప్రతి బొమ్మా నా ఫోనులో కనిపించింది. నేనే వేలితో పైకి తోసేశాను.

"అవును పిన్నీ," అన్నాను. "నాకూ కనబడలేదు."