రేపల్లె బండిలో నేను పాడుచేసిన నిద్ర

నేను చెప్పే కబుర్లలో పావువంతు నిజముంటుందని తెనాలిలో మా వీధివాళ్లంటారు. అది అన్యాయం. అంత ఎప్పుడూ లేదు.

అలాంటి నాకు, సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న రోజుల్లో, మా ఆవిడ పోయాక అబద్ధమే రాకుండా పోయింది. ఒక్క నిజం మిగిలింది. ఆసుపత్రిలో ఆఖరిపూట ఆమె మంచినీళ్లడిగింది. డాక్టరు వద్దన్నాడని నేనివ్వలేదు.

ఆ మాట రోజూ విన్నవాడు నా చిన్ననాటి స్నేహితుడు. రేపల్లెలో కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు అతనిది. పొద్దున్నే తెనాలిలో రైలెక్కేవాడు. ఇంట్లో ఉండలేక నేనూ ఎక్కేవాణ్ని. సలహాలిచ్చేవాడు కాదు. "డాక్టరే వద్దన్నాడు కదరా మామా" అనేవాడు, ప్రతిసారీ కొత్తగా విన్నట్టు. ఆ ఒక్క మాట కోసం మర్నాడు మళ్లీ ఎక్కేవాణ్ని.

కొన్ని నెలలకు నాకు ఆకలి తెలిసింది. ఆ తర్వాతే ఒకరోజు బండిలో అతను లేడు. మర్నాడూ లేడు. ఇంటికెళితే అతని భార్య గుమ్మంలోనే నిలబడింది.

"బస్సులో పోతున్నారన్నయ్యా. ఏమనుకోవద్దండి. రాత్రి పొద్దుపోయేదాకా ఇంట్లోనూ మిషన్లు విప్పుతారు. ఆయనకి నిద్రంటే ఆ రైల్లోనే."

స్నేహితుడు కూడా పోయాడనుకున్నాను. వాళ్లింటి వైపు వెళ్లడానికి ముఖం చెల్లలేదు.

చివరికి బాపట్లలో తెలిసినవాళ్ల పెళ్లిలో కలిశాం. తిరుగు ప్రయాణంలో ప్లాట్‌ఫారం మీద అన్నాను.

"థాంక్స్ రా మామా."

"ఏంటీ? బ్యాంకులో ఉన్నామా? ఇందులో కల్తీ ఎంత?"

"లేదు. నువ్వు విన్నావు కాబట్టి నేను మనిషినయ్యాను. కానీ నీ నిద్రంతా నేనే తినేశాను. నువ్వెలా ఉన్నావని ఒక్కరోజూ అడగలేదు."

"అబ్బే, అదేం లేదు..." అన్నాడు. నడుం మీద చెయ్యేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. "ఉందిరా. చివర్లో నువ్వు దూరంగా కనబడితే వేరే పెట్టె ఎక్కేద్దామనిపించేది. చెబితే ఏమైపోతావోనని బస్సెక్కా. రోజూ నిలబడి నడుం పోయింది."

'లేదు' దగ్గరే ఆగిపోయుంటే నేను నమ్మేవాణ్ని కాదు. 'ఉంది' అన్నాక గుండెల మీద బండ దిగింది.

"రేపట్నుంచి రైలెక్కు. నేను రాను. ఆదివారం మీ ఇంటికొచ్చి అబద్ధాలే చెబుతా."

"అవే నయం."

బండెక్కాం. నిడుబ్రోలు రాకముందే అతని తల నా భుజం మీద వాలింది. ఆ గురకకి ఇంజను రెండుసార్లు జడిసి ఆగింది, మీరు నమ్మినా నమ్మకపోయినా. తెనాలి వచ్చింది. లేపుదామని చెయ్యెత్తాను. మనసొప్పలేదు.

దుగ్గిరాలలో కళ్లు తెరిచి బోర్డు చదివాడు.

"ఓరి నీ... ఇదేనా నీ థాంక్సు?"

తెనాలికి తిరుగు బండి వచ్చేదాకా ఆ ప్లాట్‌ఫారం మీద నన్ను తిడుతూనే ఉన్నాడు. ఒక్క మాటా అడ్డు చెప్పకుండా విన్నాను.