ఓడితే రెండు పాయింట్లు

నిప్పు కనిపెట్టిన రోజు తేదీని ఎవరూ రాసి పెట్టుకోలేదు. చక్రం సంగతీ అంతే. అలాంటి నిర్లక్ష్యం మళ్ళీ జరగకూడదని కాబోలు, టిక్కు మాస్టారు తాను మొదటి టిక్కు పెట్టిన సందర్భాన్ని వివరాలతో సహా గుర్తు పెట్టుకున్నారు. బస్సు డిపోలో చేరిన మూడో రోజు, భోజనానికి ముందు, సమయానికి డ్యూటీకి వచ్చిన ఒక డ్రైవరు పేరు పక్కన, ఆకుపచ్చ సిరాతో పెట్టారు. ఆ తరవాత ముప్పై నాలుగేళ్ళు ఆ డిపోలో డ్యూటీ ఛార్టులు వేశారు. ఎవరు ఏ బస్సు ఎక్కాలి, ఎవరికి ఏ రోజు సెలవు అన్నది ఆయన కలం నుంచే దిగివచ్చేది. రిటైరైనా కలం రిటైరు కాలేదు. పాలు వచ్చాయి, టిక్కు. మాత్ర వేసుకున్నారు, టిక్కు. ఒకనాడు గోడ మీది క్యాలెండరులో తమ పెళ్ళిరోజు పక్కన కూడా ఆకుపచ్చ టిక్కు కనిపిస్తే, ఆయన భార్య దాని ముందు కాసేపు నిలబడి, "అయితే ఆ పని కూడా పూర్తయినట్టేనన్నమాట" అన్నారు.

ఇంతటి చేతికి పని లేకుండా పోవడం ప్రకృతి సహించని విషయం. అందుకే ఆ వీధి చివరి లైబ్రరీలో, మేడ మీద గదిలో, పొరుగు భాష నేర్చుకునే బృందం వెలిసింది. గురువు లేడు. రెండు పుస్తకాలు, ఒక పాత టేప్‌రికార్డరు, ప్రతి శనివారం సాయంత్రం గంటన్నర. సభ్యులు ఎనిమిదిమంది. ఊళ్ళో పొరుగు భాషవాళ్ళు బాగా పెరిగారు కాబట్టి ఎవరి అవసరం వాళ్ళది. నిర్వాహకుడు, అంటే కుర్చీలు సర్దేవాడు, మాస్టారు.

లైబ్రరీకి ఒక నియమం ఉంది. నెల చివరి శనివారం రిజిస్టరులో ఎనిమిది సంతకాలు ఉండాలి. ఏడు పడితే గది చదరంగం వాళ్ళకి పోతుంది. చదరంగం వాళ్ళు అప్పటికే రెండుసార్లు వచ్చి గది కొలుచుకుని వెళ్ళారు.

మూడో నెలకి ఉత్సాహం చల్లబడింది. పదిమందిలో పాము చావదన్నట్టు, పాఠం ఇంకెవరో చదువుకొస్తారులే అని అందరూ అనుకునే స్థితి వచ్చింది. మాస్టారు దీర్ఘంగా ఆలోచించి, పాయింట్ల పద్ధతిని ప్రవేశపెట్టారు.

మొదటి పద్ధతి బంగారు రంగు నక్షత్రాలు. పాఠం అప్పజెప్పినవారి పుస్తకం మీద అంటించేవి. లిఫ్టు మెకానిక్ తన నక్షత్రాన్ని వేలితో తడిమి చూశాడు.

"మా మనవరాలికీ బళ్ళో ఇవే అంటిస్తారు మాస్టారూ."

"చూశారా, మంచి పద్ధతే కదా."

"దానికి నాలుగేళ్ళు. పైగా దానికి ఏనుగు బొమ్మ కూడా ఇస్తారు."

నక్షత్రాలు ఆ వారమే అస్తమించాయి.

రెండో పద్ధతి శాస్త్రీయమైనదని మాస్టారి నమ్మకం. సభలో సరిగ్గా పలికిన ప్రతి వాక్యానికీ ఒక పాయింటు. మొత్తాలు వరసగా గోడ మీద. మొదటి స్థానంవారికి నెలాఖరున కలం బహుమతి. మరుసటి శనివారమే మందుల షాపాయన లేచి, గొంతు సవరించుకుని, "ఇది బల్ల. ఇది కుర్చీ. ఇది కిటికీ. ఇది ఇంకొక కిటికీ" అని మొదలుపెట్టి, గదిలో ఉన్న వస్తువులన్నీ అయ్యాక సభ్యుల చొక్కా గుండీలకి వచ్చాడు. నూట పన్నెండు పాయింట్లు. గంటన్నరలో మిగిలినవాళ్ళకి దక్కింది పావుగంట.

"ఇదేం చదువయ్యా?" అన్నారు మాస్టారి భార్య. ఆవిడా సభ్యురాలే.

"వాక్యానికో పాయింటన్నారు. వాక్యాలు చెప్పాను. తప్పుంటే చెప్పండి," అన్నాడు మందుల షాపాయన. తప్పు లేదు. అదే బాధ.

ఆ జాబితాలో అట్టడుగున టైలరమ్మ పేరు ఉంది. మూడు పాయింట్లు. ఆవిడ గోడ వంక ఒకసారి చూసి, పుస్తకం సంచిలో పెట్టుకుంది. "మా షాపులోనూ ఓనరు ఇలాగే బోర్డు పెట్టాడండీ, వారంలో ఎవరు ఎన్ని చొక్కాలు కుట్టారో అని. ఆరు రోజులు ఆ బోర్డు కింద కూచుంటాను. సెలవు దొరికే శనివారం కూడా బోర్డు చూడ్డానికి మెట్లెక్కి రావాలా?" అని నెమ్మదిగానే అంది. మరుసటి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఆవిడ గొడుగు మాత్రం తలుపు పక్క కొక్కేనికి వేలాడుతూ ఉండిపోయింది.

సంతకాలు ఏడయ్యాయి. నెలాఖరుకి రెండు వారాలు. మాస్టారికి అన్నం సయించలేదు. ఈ గది పోతే శనివారం పక్కన టిక్కు పెట్టుకోవడానికి ఇక మిగిలేది మాత్రలే.

"చిన్నపిల్లల్లా అలిగి పోయిందావిడ," అన్నారు భార్యతో, కూర కలుపుకుంటూ.

"చిన్నపిల్లల్లా చూస్తే అలగరూ మరి? మీ డిపోలోనూ డ్రైవర్లకి నక్షత్రాలు అంటించేవారా?"

"డిపోలోనా? చెయ్యి విరిచేవాళ్ళు. అక్కడ సీనియారిటీ పాయింట్లు ఉండేవి. వాటికోసం ప్రాణం పెట్టేవాళ్ళు."

"అవి మాత్రం చిన్నతనం కాదా?"

మాస్టారు ముద్ద దగ్గర ఆగిపోయారు. ఆ పాయింట్లతో ఎవరికీ కలమూ రాలేదు, చప్పట్లూ రాలేదు. పాయింట్లున్నవాడు తన డ్యూటీ తాను ఎంచుకునేవాడు. పొద్దుటి బస్సా, సాయంత్రం బస్సా, అంతే. నలభై అయిదేళ్ళ మనిషి మెచ్చుకోలు అడగడు, ఎంచుకునే హక్కు అడుగుతాడు. ముప్పై నాలుగేళ్ళు తన చేతి మీదుగా పోయిన సత్యం ఇది. ఇల్లంతా వెతికి చంకలో పిల్లని చూసుకున్నట్టయింది.

ఆ శనివారం ఆయన గోడ మీది జాబితా పీకేసి, మనిషికో చిన్న నోటుబుక్కు పంచి, మూడో పద్ధతిని ప్రకటించారు. గదిలో చెప్పే వాక్యాలకి ఇక పాయింట్లు లేవు. బయట, నిజంగా ఆ భాష మాట్లాడే మనిషితో మాట్లాడాలి. మాట సాగితే ఒక పాయింటు. సాగక తెల్లమొహం వేసి వెనక్కి వస్తే రెండు.

"ఓడిపోతే ఎక్కువా?" అన్నాడు మందుల షాపాయన, లెక్క తప్పిందేమోనని.

"గెలిస్తే పని జరుగుతుంది, అదే బహుమతి. ఓడినవాడికే కదా ఏదో ఒకటి చేతిలో పెట్టాల్సింది. కాకపోతే ఏం జరిగిందో అందరికీ చెప్పాలి. మనకి పాఠం అక్కడుంది."

"అబద్ధం చెప్పి రాసుకుంటే?"

"రాసుకోండి. పెద్దవాళ్ళం. వారానికి నాలుగు దాటి మాత్రం చెల్లవు." ఈ చివరి మాట ప్రత్యేకంగా ఎవరి కోసమో అందరికీ తెలిసింది. ఎవరి పుస్తకం వాళ్ళ దగ్గరే. మొత్తాలు ఎవరూ అడగరు. ఆరు పాయింట్లు ఖర్చుపెడితే తరవాతి వారం ఏ విషయం మీద చదవాలో ఆ మనిషి ఇష్టం. ఒక్కరి దగ్గర చాలకపోతే ఇద్దరు కలిపి ఖర్చుపెట్టుకోవచ్చు.

నెల చివరి శనివారం వచ్చింది. రిజిస్టరు మేడ మీదికి వచ్చింది. చదరంగం వాళ్ళు ఇద్దరు కింద పత్రికలు చదువుతున్నట్టు కూచున్నారు. ఏడు సంతకాలు పడ్డాయి. ఎనిమిదో గడి ఖాళీగా మాస్టారి వంక చూస్తోంది.

లిఫ్టు మెకానిక్ తన వారం చెబుతున్నాడు. "అయిదో అంతస్తులో లిఫ్టు ఆగిపోయింది. లోపల ఒక పెద్దావిడ, పొరుగు భాష మనిషి. ఇదే సందని తలుపు సందులోంచి, భయపడకండి, రెండు నిమిషాల్లో తీస్తాను అన్నాను. అన్నానని అనుకున్నాను. లోపల అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న మనిషి కేకలు మొదలుపెట్టింది. ఏమన్నానో ఇప్పటికీ తెలీదు."

"రెండు," అన్నారు మాస్టారు గంభీరంగా.

"తలుపు తీశాక క్షమించమన్నాను. అదీ బెడిసికొట్టింది."

"ఇంకో రెండు."

గది గొల్లుమంది. ఆ నవ్వులో తలుపు తీసుకుని టైలరమ్మ వచ్చింది. కొక్కెం వైపు చెయ్యి చాచి, నవ్వెందుకో తెలియక అక్కడే ఆగింది. మాస్టారి భార్య కుర్చీ కాస్త జరిపి, "కూచో అమ్మా, ఈయన లిఫ్టులో ఒకావిణ్ణి ఏడిపించి నాలుగు పాయింట్లు సంపాదించాడు," అన్నారు.

"ఏడిపిస్తే పాయింట్లా?"

"ఓడితే. గోడ చూడు, జాబితా తీసేశారు."

టైలరమ్మ గోడ చూసింది. గొడుగు చేతిలోనే పట్టుకుని కుర్చీ అంచున కూచుంది. "అయితే నాకూ ఉన్నట్టే," అంది. "మొన్న మార్కెట్లో పొరుగువాళ్ళ దారాల కొట్టుకి వెళ్ళాను. నల్ల దారం కావాలని వాళ్ళ భాషలో అడగాలని దారంతా వల్లె వేశాను. గుమ్మం ఎక్కేసరికి నోరు పెగల్లేదు. వేలితో చూపించాను. ఆయన దారం వెనక ఉన్నవేవో పొట్లం కట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే మూడు జిప్పులు, ఒక డబ్బా గుండీలు. దారం లేదు."

మళ్ళీ గొల్లుమన్నారు. ఈసారి ఆవిడా నవ్వింది. బృందం మానేశాక కూడా ఆవిడ దారంతా వల్లె వేసుకుంటూ వెళ్ళిందన్న సంగతి మాస్టారికి మాత్రం నవ్వు అయ్యాక తట్టింది. ఆయన కొత్త నోటుబుక్కు తీసి, మొదటి పేజీలో రెండు అని రాసి ఇచ్చారు.

"రెండుతో ఏమొస్తుంది?"

"ఆరుంటే వచ్చే వారం పాఠం నీ ఇష్టం."

"నా నాలుగూ వేసుకో అమ్మా," అన్నాడు మెకానిక్. "నీకేం కావాలో చెప్పు."

"కొలతలు తీసుకునేటప్పుడు కస్టమర్లు ఊగిపోతారండీ. కదలకండి, ఒక్క నిమిషం, అయిపోయింది. ఇంతే కావాలి."

మెకానిక్ నిటారుగా కూచున్నాడు. "నాక్కావాల్సిందీ అదే కదా."

మందుల షాపాయన తన షాపులో సూది వేసే రోజుల్ని తలుచుకున్నట్టు తల ఊపి, ఆ మూడు వాక్యాలూ టేపులో వెతికి తెస్తానన్నాడు, పాయింట్లు అడక్కుండా. రిజిస్టరు టైలరమ్మ ముందుకి జరిగింది. ఎనిమిదో గడి నిండింది. కింద పత్రికలు మడిచిన చప్పుడు వినిపించింది.

మెట్ల దగ్గర మాస్టారు ఆగలేక అడిగారు. "ఒక్క మాట చెప్పమ్మా. కొత్త పద్ధతిలో ఏ నియమం నచ్చి తిరిగొచ్చావు?"

"ఏ నియమమండీ? మబ్బు పట్టింది, గొడుగు కోసం వచ్చాను," అని ఆవిడ దిగి వెళ్ళిపోయింది.

ఇటువంటి చిన్న విషయాలు చరిత్రగతిని ఆపలేవు. ఈ పద్ధతి ఏమిటో ఒక పేజీలో రాసిస్తే మిగతా బృందాల గదుల్లోనూ పెడతానని లైబ్రేరియనమ్మ అడగడంతో, మాస్టారు మర్నాడు ఉదయమే ఆకుపచ్చ సిరాతో కూచున్నారు. పెద్దలకి పొగడ్త కాదు, ఎంపిక కావాలని రాశారు. పోటీ కాదు, సాహసం కావాలని రాశారు. చివర ఒక గీత గీసి, ఈ నియమాలు నిర్వాహకుడితో సహా అందరికీ వర్తిస్తాయని ముగించారు.

ఆయన భార్య కాఫీ పక్కన పెట్టి, పేజీ అంతా చదివి, బల్ల మీదున్న ఆయన నోటుబుక్కు తీశారు. దానికి అట్ట వేసి ఉంది. లోపల తేదీకి, మనిషికి, ఫలితానికి విడివిడిగా గడులు గీసి ఉన్నాయి. వాళ్ళ ఇంటి కింద వాటాలో పదకొండేళ్ళుగా పొరుగు భాష కుటుంబమే ఉంటోంది.

ఆ నోటుబుక్కు గడుల్లో ఒక్క టిక్కూ లేదు.