బిందు చుట్టూ గీతలు

తెనాలి అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు శాలేమురాజు కోచ్. లెక్కల టీచర్ కృపారాణి బంతి తన్ని ఎరగదు గానీ, మ్యాచ్ వీడియోలు చూసి ఎవరు ఎవరికి ఎన్ని పాసులిచ్చారో బొమ్మ గీస్తుంది. ఒక్కో అమ్మాయి ఎక్కువగా నిలిచిన చోట ఒక వృత్తం. పాసులు పెరిగేకొద్దీ మధ్య గీత లావవుతుంది.

రేపల్లెతో పోటీకి ముందు ఆ బొమ్మ చూస్తే, లావు గీతలన్నీ మైదానం మధ్యలో ఆడే బిందుమాధవి దగ్గరికే చేరాయి.

"మన బలం అదే కదమ్మా!" అని శాలేమురాజు మురిసిపోయాడు.

"బలమేనండి. బిందును కట్టేస్తే మనకు ఇంకో దారేదండీ?"

ఆయన నవ్వేశాడు. తీరా ఆట మొదలయ్యాక, రేపల్లె పిల్లలిద్దరు బిందును జిగురులా అంటుకున్నారు. తెనాలి ఆట ఎక్కడికక్కడ ఆగిపోయింది.

విరామంలో ఆయన పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా చెయ్యడం? ఆ కాగితం ఇలా ఇవ్వు!"

ఎడమ పక్క వృత్తాలు రెండింటి మధ్య గీత వెంట్రుకంత ఉంది. కృపారాణి అక్కడ వేలు పెట్టింది. "స్వర్ణలతకి జయలక్ష్మి పాసే ఇవ్వట్లేదండి. బిందు కుడికెళ్తే ఆ రేపల్లె పిల్లలిద్దరూ వెంటపడతారు. ఇటు దారి దొరుకుతుంది."

అలాగే జరిగింది. జయలక్ష్మి అందించిన బంతిని స్వర్ణలత గోల్లోకి తన్నింది. ఆ ఒక్క గోలుతోనే గెలిచారు.

బిందు ఆయాసపడుతూ వచ్చింది. "బంతి ముట్టుకోకుండా కూడా గెలిపించొచ్చా టీచర్!"