నలభై కేజీలు, పది కిలోమీటర్లు

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో సగం నేను బస్సుల్లో టికెట్లు చెక్ చేస్తూనే గడిపాను. గిద్దలూరు బస్సు ఎక్కితే తలలు లెక్కపెట్టేవాణ్ణి, తర్వాత టికెట్లు లెక్కపెట్టేవాణ్ణి. రెండు లెక్కలూ కలవకపోతే ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నట్టే. నిద్ర నటించేవాళ్లను, టికెట్ పారేసుకున్నానని జేబులు తడుముకునేవాళ్లను ముఖం చూసి పట్టేసేవాణ్ణి. రిటైరై మార్కాపురంలో ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ బుద్ధి నన్ను వదల్లేదు. పాలవాడు, పేపరువాడు, నా భార్య, అందరూ ఏదో ఒక పూట నా చెకింగ్‌కు చిక్కినవాళ్లే.

నా కూతురు డిగ్రీ అయిపోయి కానిస్టేబుల్ సెలక్షన్‌కు తయారవుతోంది. రాత పరీక్ష గట్టెక్కింది. మిగిలింది గ్రౌండులో పెట్టే పరీక్షలు. పదహారు వందల మీటర్ల పరుగు గురించి నాకు దిగుల్లేదు, పిల్ల జింక లాగా పరిగెత్తుతుంది. దిగులంతా బరువు గురించే. ఆడపిల్లలు నలభై కేజీలకు తగ్గకూడదు. మా పిల్ల నలభై ఒకటీ రెండు వందల గ్రాములు. ఎత్తు సరిపోయింది, కళ్లు బాగున్నాయి, తూకంలో మాత్రం అంచు మీద నిలబడి ఉంది. నలభైకి ఒక్క గ్రాము తగ్గినా రెండేళ్ల చదువు గంగలో కలిసినట్టే. ఆ ఏడాది దాటితే ఉద్యోగానికి తన వయసు కూడా దాటిపోతుంది.

కాలేజీ గ్రౌండులో మిలిటరీలో పనిచేసి వచ్చిన ఒక కోచ్ పొద్దున్నే నలభై మంది పిల్లలను పరిగెత్తించేవాడు. మా పిల్లకు రోజుకు పది రౌండ్లు, అంటే నాలుగు కిలోమీటర్లు, గట్టిగా పరిగెత్తమని చెప్పాడు. ఇరవై రెండు నిమిషాల్లో ముగించి చెమటతో ఇంటికి వచ్చేది. ఆ చెమట చూసి నాకు భయం వేసింది. అప్పుడు నేనొక తెలివైన పని చేశాను.

డిపోలో డ్రైవర్లకు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చారని లెక్క తీసేవాళ్లు. బండిని ఉరికిస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది. నిదానంగా నడిపేవాడు అదే డీజిలుతో ఇంకో నాలుగు స్టేజీలు పోతాడు. ఇది నేను కళ్లారా చూసిన సంగతి. అదే మాట పిల్లకు చెప్పాను.

“ఎందుకమ్మా అట్ల ఉరుకుతావు? నిదానంగా పో. ఒంట్లో ఉండేది కరగకుండా ఉంటది. నిదానంగా పోతే ఎంత దూరం పోయినా ఏం కాదు.”

“స్టామినా రావద్దా నాయనా?”

“దూరం పెంచు. పది కాదు, ఇరవై ఐదు రౌండ్లు తిరుగు. నిదానంగా.”

పిల్ల నా మాట విన్నది. రోజుకు పది కిలోమీటర్లు, గంటా పావు సేపు తిరిగేది. ఇంటికి వచ్చినప్పుడు ఒంటి మీద పెద్దగా చెమట కూడా ఉండేది కాదు. నా ఉపాయం పారిందని లోపల పొంగిపోయాను. ఇంట్లో మాత్రం పైకి చెప్పలేదు.

మూడు వారాలకు మెడికల్ షాపులోని బరువు చూసే మిషను మీద నిలబెట్టాను. నలభై పాయింట్ ఆరు. మిషను తప్పు చూపిస్తోందనుకుని నేనూ ఎక్కాను. నా డెబ్బై ఎనిమిది నా డెబ్బై ఎనిమిదే ఉంది.

ఆ రోజు నుంచి ఆమె టిఫిను డబ్బాలో రెండు ఉడికించిన గుడ్లు అదనంగా పెట్టించాను. పరుగు అయ్యాక గ్రౌండులోనే తినాలని షరతు పెట్టాను. ఇంకో మూడు వారాలయ్యాయి. నలభై పాయింట్ మూడు.

ఇప్పుడు నాలో పాత ఉద్యోగి నిద్ర లేచాడు. బండి నిదానంగానే పోతోంది, డీజిల్ ఎక్కువే పోస్తున్నాం, అయినా ట్యాంకులో తగ్గుతోంది. అంటే ఎవరో తీసేస్తున్నారు. గుడ్లు మా పిల్ల తినడంలేదు. ఫ్రెండ్స్‌కు ఇస్తోందేమో, కుక్కలకు వేస్తోందేమో, సన్నగా కనబడాలని ఫోన్లో ఏమైనా చూసి కడుపు మాడ్చుకుంటోందేమో. అసలు ఈ ఉద్యోగమే దానికి ఇష్టం లేదేమో, ఆ మాట చెప్పలేక తూకంలో పోగొట్టుకుందామనుకుంటోందేమో. ఈ చివరి అనుమానం వచ్చాక నాకు అన్నం సహించలేదు.

“గుడ్లు తింటాండావా?” అని అడిగాను.

“తింటానే ఉండా నాయనా.”

“రెండూ?”

“రెండూ.”

మరుసటి రోజు నుంచి డబ్బాలో గుడ్ల పెంకులు కూడా ఇంటికి రావడం మొదలైంది. అడగకుండా రుజువు చూపించేవాళ్లను నేను ఇంకా ఎక్కువ అనుమానించేవాణ్ణి. పక్కవాడు తిన్న గుడ్ల పెంకులు కూడా డబ్బాలో వేసుకుని రావచ్చు కదా అనుకున్నాను. ఆ మాట నా భార్యతో అంటే ఆమె చేస్తున్న పని ఆపి నా ముఖంలోకి చూసింది.

“ఏందయ్యా, అది నీ కూతురా, నీ బస్సులో ఎక్కిన ప్యాసింజరా?”

తెల్లవారాక మోపెడ్ తీసుకుని పిల్ల వెనకే బయలుదేరాను. గ్రౌండు ప్రహరీగోడ ఒకచోట కూలితే పలకల ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన రాతి ముక్కలు పేర్చారు. ఆ సందులోంచి చూస్తూ నిలబడ్డాను. నలభై ఏళ్లుగా ఇంట్లో పెద్దమనిషిగా బతికినవాణ్ణి, కూతుర్ని గోడ చాటు నుంచి చూస్తున్నాను. సిగ్గు వేసింది, కానీ కదల్లేదు.

రౌండ్లు లెక్కపెట్టాను. సరిగ్గా ఇరవై ఐదు. ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. తర్వాత పిల్ల మెట్ల మీద కూర్చుని డబ్బా తెరిచింది. మొదటి గుడ్డు తిన్నది. రెండోది కూడా తిన్నది. పచ్చసొన గొంతుకు అడ్డం పడితే నీళ్లు తాగి మళ్లీ తిన్నది. పెంకులు ఏరి డబ్బాలో వేసుకుంది. ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. లెక్క కలిసింది, బరువు మాత్రం కలవడంలేదు. అబద్ధం చెప్పేవాళ్లు దొరకని లెక్కను నేను చూడటం అదే మొదటిసారి.

“ఏందన్నా, ఈడ నిలబడినావు?”

వెనక కోచ్ ఉన్నాడు. దొరికిపోయిన ప్యాసింజరు లాగా కాసేపు తడబడి, దాచి లాభం లేదని మొత్తం చెప్పాను. బరువు, గుడ్లు, పెంకులు, నా అనుమానం. ఆయన నవ్వలేదు.

“నిదానంగా ఇరవై ఐదు రౌండ్లు అని ఎవురు చెప్పినారు ఆ పాపకు? స్టామినా కోసం తానే పెంచుకుందనుకున్నా నేను.”

“నేనే చెప్పినా సార్. నిదానంగా పోతే తక్కువ కరుగుతుందని.”

ఆయన కింద పడి ఉన్న పలక ముక్క ఒకటి తీసి, సుద్దరాయితో గీశాడు. పరుగుకు ఒక మోటు లెక్క ఉందన్నాడు. ఒంటి బరువు ఎన్ని కేజీలో, పరిగెత్తిన దూరం ఎన్ని కిలోమీటర్లో, ఆ రెండూ గుణిస్తే దాదాపు ఖర్చయిన క్యాలరీలు వస్తాయి. పాప నలభై కేజీలు. నాలుగు కిలోమీటర్లకు నూట అరవై. పది కిలోమీటర్లకు నాలుగు వందలు.

“మరి టైమ్ ఏదీ ఇందులో?” అన్నాను. లెక్కలో ఒక గడి ఖాళీగా ఉంటే నాకు వెంటనే తెలుస్తుంది.

“అదే చెప్తాండా. టైమ్ అక్కర్లేదు. వేగంగా పోయేవాడికి నిమిషానికి ఎక్కువ కరుగుతుంది, కానీ వాడు తొందరగా ముగిస్తాడు. నిదానంగా పోయేవాడికి నిమిషానికి తక్కువే, కానీ ఎక్కువ నిమిషాలు తిరుగుతాడు. చివరకు రెండూ ఇంచుమించు ఒకటే. వేగంగా పోతే కొంచెం ఎక్కువ, అంతే.”

“బస్సుకు అట్ల కాదు గదా సార్.”

“బస్సు గాలిని చీల్చుకుంటా పోతుందన్నా. మన వేగానికి గాలి పెద్ద లెక్క కాదు. మనిషికి ఖర్చంతా అడుగడుక్కూ సొంత ఒళ్లు ఎత్తుకుని మోసేదానికే. నిదానమైనా మోయాల్సిందే.”

నాకు నమ్మకం కుదర్లేదు. పరుగు లెక్కలు దాచుకునే ఆయన చేతి గడియారం చూపించమన్నాను. అంతకు ముందు వారం ఆయనే ఒకసారి నిదానంగా, ఒకసారి గట్టిగా అదే దూరం పరిగెత్తిన లెక్కలు అందులో ఉన్నాయి. సమయంలో పది నిమిషాల తేడా ఉంది, క్యాలరీల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

“ఇది కూడా మీలాగే గుణించి చెప్తాంటే?”

“చెప్తుంది, అది కూడా అంచనానే,” అని ఆయన దాచకుండా ఒప్పుకున్నాడు. “మనిషిని బట్టి, నేలను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. నడిస్తే వేరే సంగతి, నడకకు ఇంత కరగదు. కానీ పరిగెత్తినంత కాలం దూరమే ముఖ్యం. నీ పిల్లకు రోజుకు రెండు వందల నలభై ఎక్కువ ఖర్చు పెట్టించినావు. నువ్వు పెట్టిన రెండు గుడ్లు నూట యాభై. మిగతా తొంభై ఎక్కడి నుంచి రావాలన్నా?”

బస్సు టికెట్ సంగతి అప్పుడు తట్టింది నాకు. బస్సు గంటలో చేరినా రెండు గంటల్లో చేరినా ప్రయాణికుడు కట్టేది కిలోమీటర్లకే. జీవితమంతా దూరానికే టికెట్ కొట్టించినవాణ్ణి, కూతురి దగ్గరకు వచ్చేసరికి డీజిల్ లెక్క తీశాను. గుడ్లు ఎవరూ మాయం చేయలేదు. దొంగ నేనే.

ఆ పొద్దునే పిల్లకు చెప్పాను. గోడ చాటున నిలబడిన సంగతి కూడా చెప్పాను. తల ఎత్తకుండా విన్నది.

“చూసినా నాయనా. మోపెడ్ చప్పుడు గుర్తుపట్టినా.”

“మరి అడగలేదేం?”

“అడిగితే ఇంకోటి అనుమానపడతావని.”

మర్నాటి నుంచి మళ్లీ పది రౌండ్లు, గట్టిగా. గుడ్లు అలాగే ఉంచాం. నాలుగు వారాలు మిషను దగ్గరకు నేను పోలేదు. పోకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

సెలక్షన్ రోజు తల్లిదండ్రులను గేటు లోపలికి రానివ్వలేదు. బయట రోడ్డు పక్కన నిలబడ్డాను. ఎండ ముదిరాక మా పిల్ల బయటకు వచ్చింది. ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయిని చెయ్యి పట్టుకుని లాక్కొస్తోంది.

“నలభై పాయింట్ ఏడు నాయనా. క్వాలిఫై అయినా,” అంది. నేను సంతోషంతో ఏదో అనబోయేలోపే ఆ అమ్మాయిని ముందుకు నెట్టింది. “ఈ అక్క నా వెనకాలే ఉండింది. తూకం చూసింది. అడుగు.”

ఆ అమ్మాయి పాపం సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా నిలబడింది. అక్కర్లేదమ్మా, నేను నమ్ముతున్నానని చెప్పాను. మా పిల్ల నా ముఖం వైపు చూసింది. నేను ఎన్నో బస్సుల్లో ఎందరి ముఖాల్లోనో అబద్ధం వెతికిన చూపు అది.

“పర్లేదు నాయనా,” అంది. “అడుగు.”