మోకాళ్లు దాచిన అంచు

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతిలో ఉండగా, మా చర్చి క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం నాకిచ్చారు. పెనుగొండ పక్క పల్లెలో కూలివాళ్ల ఇంటి పిల్లకి ఆ వేషం రావడం అదే మొదలు. నా గొంతు చివరి వరస దాకా వినిపిస్తుందని పాస్టరు గారు నన్ను ఎంచారు. ఆ వారమంతా నా కాలు నేల మీద నిలవలేదు.

వేషానికి గౌను కావాలి. మాకు గౌనంటే విదేశాల నుంచి చర్చికి వచ్చే పాత బట్టల పెట్టెలోంచి రావాల్సిందే. ఆ పెట్టెకో వరస ఉండేది. ముందు సంఘ పెద్దల ఇళ్లవాళ్లు ఏరుకునేవారు, తరవాత టీచర్లు, గుమస్తాలు, ఆఖర్న మేము. దేవుడి ముందు అందరం సమానమే గానీ పెట్టె ముందు కాదు.

నా వంతుకి అడుగున నలిగిపోకుండా పడున్న అరవైల నాటి గౌను వచ్చింది. తెలుపు మీద నల్లటి పెద్ద పెద్ద చదరాలు, నడుము దగ్గర నొక్కు అన్నదే లేకుండా భుజాల నుంచి తిన్నగా దిగిన కోత. గుడ్డ మందపాటి పాలియెస్టర్ అల్లిక, ఎంత నలిపినా ముడత పడదు. మెడ దాకా మూసి ఉంది, చేతులున్నాయి, వీపు నిండుగా ఉంది. లోపమల్లా పొట్టిదనమే. పొడుగ్గా ఎదిగిన పిల్లనేమో, మోకాళ్లకి జానెడు పైనే ఆగిపోయింది.

మోకాళ్లు కనబడే పిల్ల వేదిక ఎక్కడానికి వీల్లేదని సంఘ పెద్ద చెప్పేశారు.

మా పిన్నికి కుట్టుమిషన్ ఉండేది. గౌను తిరగేసి కింద మడత చూసి నిట్టూర్చింది. పొట్టిగా ఉండాలనే కోసిన బట్ట కదా, విప్పి దించుకుందామంటే లోపల వేలెడు గుడ్డ కూడా లేదు. అప్పుడు తన వంతుకొచ్చిన గౌను తీసింది. అది డెబ్బైల మొదటి నాటిది, పాదాల దాకా అంతస్తులు అంతస్తులుగా కుచ్చులున్న పలుచని నూలు గుడ్డ. దాని నిండా అద్దకపు మామిడిపిందెలు. అద్దకం చూడగానే ఇది మన దేశం నుంచే వెళ్లిన గుడ్డ అని పిన్ని నవ్వింది. మన చేతుల్లోంచి వెళ్లింది మనకే దానంగా తిరిగొచ్చిందన్నమాట. రవికలు కుట్టుకుందామని దాచుకున్న ఆ గౌనుకి కత్తెర పెట్టింది.

పలుచని నూలు ఉతికితే కుంచించుకుపోతుంది, పాలియెస్టర్ పోదు. అలాగే కలిపి కుడితే మొదటి ఉతుక్కే అతుకు ముడుచుకుంటుంది. అందుకని పిన్ని నూలుని ముందే నానబెట్టి ఆరబెట్టి, ఆ తరవాతే కుచ్చు పోసి నల్ల చదరాల కింద కలిపింది. గౌను నా పిక్కల కిందికి దిగింది.

రిహార్సల్లో సంఘ పెద్ద నన్ను ఎగాదిగా చూశారు.

"అతుకుల గౌనుతో దేవదూతేంటమ్మా! నలుగురూ నవ్వరూ?"

వేషం ఆయన కూతురికి వెళ్లింది. పెట్టెలో అన్నిటికంటే పైన దొరికిన డెబ్బైల చివరి నాటి డిస్కో గౌను ఆ పిల్ల వేసుకుంది. ఒంటికి అంటుకుని జారిపోయే గుడ్డ, మధ్యలో వెండి దారం, పెట్రోమాక్స్ వెలుగులో తళతళా మెరిసింది. చీలమండల దాకా ఉంది, అది నిజమే. కానీ చేతుల్లేవు. మెడ వెనక ముడేసిన రెండు పట్టీలు తప్ప వెనకాల నడుము దాకా గుడ్డే లేదు.

ఆ పిల్లకి వేషం మాటలు కంఠతా రాలేదు. పండగనాడు నన్ను తెర వెనక నిలబెట్టి దేవదూత మాటలన్నీ చెప్పించారు. జనం ఆ మెరుపు చూస్తూ నా గొంతు విన్నారు. నాకు మాత్రం నాటకమంతా ఆ బోసి వీపే కనిపించింది. మోకాలు కనబడితే పాపం, వీపు కనబడితే దేవదూత.

ఇంటికి వెళ్లే దారిలో నేను వెక్కివెక్కి ఏడ్చాను. పిన్ని ఓదార్చలేదు.

"వాళ్లు కొలిచింది గౌను కాదే తల్లీ, నిన్ను. ఎంత గుడ్డ అతికినా ఆ కొలతకి సరిపోదు," అంది.

మొన్న ఇంటర్ చదివే మా మనుమరాలు కాలేజీలో పాతకాలం వేషాల రోజుకని నా పెట్టెలోంచి ఆ గౌను తీసి వేసుకుంది. నూలు అంచు పొడిపొడిగా చేతికొచ్చేసింది. నల్ల చదరాల పాలియెస్టర్ మాత్రం ముడతైనా లేకుండా అలాగే ఉంది. గౌను మళ్లీ మోకాళ్ల పైకి వెళ్లిపోయింది. కింద ఇంకో అంచు వేయించమంటావా అమ్మమ్మా అని అడిగింది.

వద్దన్నాను. ఎవరైనా నియమం చదువుతుంటే నేనిప్పటికీ దాన్ని వినను, అది ఎవరి మీద పెట్టి కొలుస్తున్నారో చూస్తాను. మా పిన్నికి ఆ రవికలు లేకుండా పోయాయన్న కోపం మాత్రం నాకింకా తీరలేదు.