గంజి ఊసెత్తని జవాబు

చిత్తూరులో ఒక చిన్న మిషన్ ఆసుపత్రికి రాజారత్నం మేనేజరు. ఉత్త భయస్తుడు. డాక్టరు దగ్గితే చాలు, లేచి నిలబడేవాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది అతని బల్ల మీదికి ఐరాల అనే పల్లె నుంచి ఒక కార్డు వచ్చింది. రాయించినవాడు సుబ్బన్న. ‘నడిచొచ్చిన మా తమ్ముడు గోవిందయ్యను సంపి పంపినారు. జవాబు సెప్పకుంటే కలెక్టరు కాడికి పోతాము.’

కలెక్టరు మాట చూసి రాజారత్నం లేచి నిలబడ్డాడు. అయినా వెంటనే కలం పట్టలేదు. ముందు నర్సు శకుంతలమ్మను కూర్చోబెట్టి అడిగాడు. ఆమె జరిగింది చెప్పింది. గోవిందయ్యకు పేగు జారి ఇరుక్కుపోయింది. పొద్దున చేర్చారు. డాక్టరు పుత్తూరు వెళ్ళి ఉన్నాడు. అలాంటప్పుడు రోగిని సర్కారు ఆసుపత్రికి పంపాలని నియమం. వచ్చేస్తారులే అని ఆమె కాచుకుంది. సాయంత్రం డాక్టరు వచ్చి కోసి చూస్తే పేగు నల్లబడి ఉంది. మూడోనాడు మనిషి పోయాడు.

“వాళ్ళమ్మ, ఆ ముసలామె గంజి తాపింది కదా! నోటికేమీ ఇవ్వొద్దన్నా వినలేదని రాయి,” అన్నాడు డాక్టరు, జవాబు ఏం రాయాలని రాజారత్నం వెళ్ళి అడిగితే.

“గంజి వల్ల పోయినాడా సార్?”

“లేదు. అదంతా వాంతి అయిపోయింది. ఆలస్యం వల్ల పోయినాడు.”

“అయితే గంజి ఊసు రాయను సార్. ఆలస్యం రాస్తాను.” అనేసి, ఉద్యోగం ఊడినట్టేననుకున్నాడు. డాక్టరు మాత్రం అతను రాసి తెచ్చిన కాగితం చదివి సంతకం పెట్టాడు.

పల్లెలో ఉత్తరమంటే వీధి అరుగు మీద నలుగురూ వినేదే. ఎవరైనా తప్పుగా చదువుతారేమోనని రాజారత్నం తానే ఐరాల బస్సెక్కాడు. కొడతారేమోనని దారిపొడవునా భయపడుతూనే ఉన్నాడు.

సుబ్బన్న ఇంటి అరుగు ముందు నిలబడి చదివాడు: “గోవిందయ్య పోయినందుకు మా దుఃఖం చెప్పడానికి మాటలు చాలవు. సర్కారు ఆసుపత్రికి పంపవలసిన మనిషిని పంపలేదు. ఆ తప్పు మాది. పంపి ఉంటే బతికేవాడని ఖాయంగా చెప్పలేము, బతికే అవకాశం మాత్రం పోయింది. ఇకమీదట డాక్టరు లేకుంటే రోగిని వెంటనే బండిలో పంపుతాము. మీరు కలెక్టరుకు రాసినా మేము ఇదే చెబుతాము.”

“తప్పని ఒప్పుకుంటే మా తమ్ముడొస్తాడా?” సుబ్బన్న చెయ్యెత్తి మీదికొచ్చాడు.

“రాడప్పా. నీ కోపం న్యాయమే. నన్నేమడిగినా చెబుతాను, అందుకే వచ్చినాను.”

సుబ్బన్న చెయ్యి దించేశాడు. అప్పుడు తలుపు చాటు నుంచి తల్లి గంగులమ్మ వచ్చింది. కొడుకు పోయిన నాటి నుంచి ఆమె కంట చుక్క రాలలేదని ఊరంతా గుసగుసలాడుతోంది.

“అయ్యా, నేను గంజి తాపినాను,” అంది అందరి ముందే. “బిడ్డ ఆకలంటే ఓర్సుకోలేకపోయినాను. దాంతోనేనా?”

“కాదు తల్లీ. డాక్టరునే అడిగినాను. గంజి వల్ల కాదు, మా ఆలస్యం వల్ల.”

“నిజంగానా?”

“నిజంగా.”

ఆమె గోడకు ఆనుకుని మెల్లగా కూలబడింది.

“అట్లయితే ఇంక ఏడుస్తానప్పా,” అంది.